పేరు చెరిపేసి విద్యార్థుల వ్యాసాలు ఉచిత డిటెక్టర్‌లో పెట్టొచ్చా? ముందు ఏం చూడాలి?

చిత్తుప్రతి
మా విభాగంలో ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు విద్యార్థుల వ్యాసాలను ఉచిత ఏఐ డిటెక్టర్ సైట్లలో పెట్టి చూస్తున్నారు. ఇప్పటికే ఒకరు 38 ఫైళ్లు పెట్టేశారు. ఇవి మామూలు వ్యాసాలు కావు, ప్రాక్టికం తర్వాత రాసే అనుభవ వ్యాసాలు. మా విద్యార్థులు తమ గురించి, బడిలో తాము పాఠం చెప్పిన తరగతి గురించి రాసుకుంటారు. దీనికో నియమం రాయమని నా నెత్తిన పెట్టారు. "మొదటి పేజీలో పేరు, రోల్ నంబర్ తీసేసి అప్‌లోడ్ చేయాలి" అని రాస్తే సరిపోతుందా? ఒక సైట్‌కి అనుమతి ఇచ్చే ముందు సంస్థ అసలు ఏం చూడాలి?

ఎర్రపెన్ను
డిటెక్టర్లను నమ్మడమే తప్పు. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే 2023 జులైలో ఎత్తేసింది. మెషిన్ రాసిన వాటిలో 26 శాతమే పట్టుకుంది, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని మెషిన్‌వే అంది. ఇక చర్చ దేనికి?

చిత్తుప్రతి
అది వేరే గొడవండి. ఫలితం నూటికి నూరు కరెక్టయినా నా ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ వ్యాసం ఎవరి చేతికి పోతోంది అని.

పచ్చజెండా
మరీ భయపడక్కర్లేదు. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉందా, పేజీ కింద "మేం మీ టెక్స్ట్ దాచుకోం" అని ఉందా, రెండూ చూసుకోండి. పేరు తీసేస్తే ఇక అది ఎవరిదో ఎవరికీ తెలియదు.

జిప్పు_విప్పు
పచ్చజెండా గారూ, తాళం చెప్పేది దారి గురించి. మీ బ్రౌజర్ నుంచి వాళ్ల సర్వర్ దాకా మధ్యలో ఎవరూ చదవలేరు, అంతే. చేరాక లోపల ఏం చేస్తారో తాళానికేం తెలుసు?

పేరు తీసేయడం సంగతి. docx అనేది ఒక్క ఫైలు కాదు, జిప్ చేసిన మూట. మొదటి పేజీలో మీరు చెరిపింది ఆ మూటలోని ఒక కాగితం మీద మాత్రమే. విప్పి చూడండి:

```
unzip -l vyasam.docx
unzip -p vyasam.docx docProps/core.xml
```

రెండో కమాండ్ ఇచ్చే దాంట్లో `dc:creator` అంటే ఫైలు మొదలుపెట్టినవాళ్ల పేరు, `cp:lastModifiedBy` అంటే చివర సేవ్ చేసినవాళ్ల పేరు. కంప్యూటర్లో వర్డ్ వాడి రాసిన వాటిలో ఇవి సాధారణంగా నిండే ఉంటాయి. తమాషా ఏంటంటే, పేరు చెరిపి సేవ్ చేసింది లెక్చరర్ అయితే రెండో దాంట్లో ఆయన పేరు చేరుతుంది. అంటే ఇప్పుడు ఒకరికి బదులు ఇద్దరి పేర్లు వెళ్లాయి.

అసలు దెబ్బ అది కాదు. ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉండగా రాసిన వ్యాసంలో `word/document.xml` తెరిస్తే ఇలాంటిది కనిపిస్తుంది:

```
<w:del w:id="7" w:author="..." w:date="2025-02-11T21:40:00Z">
  <w:r><w:delText>ఆ నెల నుంచి మందులు వాడుతున్నాను</w:delText></w:r>
</w:del>
```

పిల్ల ఆ వాక్యం రాసి, వద్దనుకుని కొట్టేసింది. "సింపుల్ మార్కప్"లో స్క్రీన్ మీద కనపడదు. ఎవరైనా ఆ మార్పును యాక్సెప్ట్ చేసేదాకా ఫైల్లో మాత్రం తేదీ, సమయంతో సహా ఉంటుంది. ఫైలు అప్‌లోడ్ చేస్తే అదీ వెళ్తుంది.

కొసరు
కొట్టేసిన వాక్యం కూడా సాక్ష్యం చెప్తుందన్నమాట. నా పాత వ్యాసాలన్నీ గుర్తొచ్చి చెమటలు పడుతున్నాయి.

చిత్తుప్రతి
@జిప్పు_విప్పు అయితే ఫైలు కాకుండా టెక్స్ట్ కాపీ చేసి పేస్ట్ చేయమంటే? ఇంకోటి, ఈ వ్యాసాల్లో తరగతి ఫొటోలు కూడా ఉంటాయి. పిల్లల ముఖాలు రాకుండా క్రాప్ చేయమని చెప్పాం.

జిప్పు_విప్పు
క్రాప్ అన్నారు కాబట్టి చెప్తున్నా, ఇది చాలామందికి తెలియదు. వర్డ్‌లో క్రాప్ చేస్తే బొమ్మ తెగదు, మిగతా భాగం కనపడకుండా దాగుతుంది. అసలు ఫొటో మొత్తం `word/media` ఫోల్డర్లో ఉంటుంది. ఫైలు పేరు చివర docx తీసి zip అని మార్చి తెరవండి, అక్కడ పూర్తి ఫొటో దొరుకుతుంది. నిజంగా కత్తిరించాలంటే కంప్రెస్ పిక్చర్స్‌లో "క్రాప్ చేసిన భాగాలను తొలగించు" అన్నది టిక్ చేసి సేవ్ చేయాలి. లేదా వర్డ్‌లో పెట్టకముందే బయట కత్తిరించాలి.

టెక్స్ట్ పేస్ట్ చేస్తే ఈ మూట గొడవ చాలావరకు పోతుంది. ముందు ట్రాక్ ఛేంజెస్‌ని "నో మార్కప్"లో పెట్టి, నోట్‌ప్యాడ్‌లో వేసి, అక్కడ నుంచి కాపీ చేయాలి. నోట్‌ప్యాడ్‌లో ఒకసారి కళ్లతో చదవాలి కూడా, ఆ మెట్టు దాటేయొద్దు. కానీ పోయేది డబ్బా మాత్రమే, లోపలి సరుకు అలాగే ఉంది.

రెండోచూపు
ఆ సరుకు గురించే నా అనుమానం. "నా తరగతిలో వినికిడి యంత్రం పెట్టుకునే అమ్మాయి ఒక్కతే, వెనక బెంచీలో కూర్చునేది" అని వ్యాసంలో ఉందనుకోండి. రాసినవాళ్ల పేరు తీసేశారు. బడి పేరు, తరగతి ఉన్నాయి. ఆ అమ్మాయి ఎవరో ఆ బడిలో ఎవర్నడిగినా చెప్తారు. వ్యాసం రాసిన విద్యార్థి ఒప్పుకున్నా, ఆ అమ్మాయి తరఫున ఎవరు ఒప్పుకున్నారు?

చిత్తుప్రతి
ఇది మా ఎవరికీ తట్టలేదు. విద్యార్థుల దగ్గర సంతకం తీసుకుంటే చాలనుకున్నాం.

నిబంధన_బి
సంతకం సంగతి కూడా అంత తేలిక కాదు. మార్కులు వేసేవాళ్లు అడిగితే విద్యార్థి వద్దనగలడా? యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వర్తించే చోట అలాంటి ఒప్పుదలను స్వేచ్ఛగా ఇచ్చినట్టు చూపించడం కష్టం. అందుకే సంతకాల కన్నా ముందు ఒప్పందం గురించి ఆలోచించండి.

ఉచిత సైట్ల నిబంధనల్లో నేను ముందు వెతికేది రెండు వాక్యాలు. ఒకటి, "మీరు అప్‌లోడ్ చేసేదాన్ని వాడుకోవడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు ఇవ్వడానికి మాకు శాశ్వతమైన, వెనక్కి తీసుకోలేని లైసెన్సు ఇస్తున్నారు" అనే ధోరణిలో ఉండేది. రెండోది ఇంకా సన్నగా ఉంటుంది: "ఈ కంటెంట్ మీద మీకు హక్కులున్నాయని మీరు హామీ ఇస్తున్నారు." వ్యాసం మీద కాపీరైట్ సాధారణంగా రాసిన విద్యార్థిది. లెక్చరర్ "అంగీకరిస్తున్నాను" నొక్కినప్పుడు తనది కానిదానికి తాను పూచీ పడి, ఇంకొకరి సొత్తుకు లైసెన్సు రాసిచ్చేశాడు. సంస్థ తరఫున సంతకం పెట్టే అధికారమూ ఆయనకు లేదు.

పచ్చజెండా
కాపీరైట్ విషయం అమెరికాలో ఎప్పుడో తేలిపోయింది కదా? విద్యార్థులు కేసు వేస్తే కోర్టు కొట్టేసింది, వ్యాసాలు దాచుకోవచ్చంది.

నిబంధన_బి
కేసు నిజమే. కాపీ రాతలు పట్టే టర్నిటిన్‌ను అప్పట్లో నడిపిన ఐపారడైమ్స్ మీద నలుగురు హైస్కూల్ విద్యార్థులు వేశారు. 2009లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, పోలిక కోసం వ్యాసాలను దాచడం ఫెయిర్ యూజ్ కిందికి వస్తుందంది. కానీ అది కాపీరైట్ మీద తీర్పు. అక్కడ బడులకు ఆ కంపెనీతో ఒప్పందం ఉంది. ఊరూ పేరూ లేని సైట్‌కి ఒక లెక్చరర్ సొంతంగా పంపితే గోప్యత సంగతేంటన్నది ఆ కోర్టు ముందుకు రానేలేదు. ఆ తీర్పు పట్టుకుని ఇక్కడ నిలబడలేం.

సగంమార్కులు
విద్యార్థి వైపు నుంచి ఒకటి. నేను సమర్పించే ముందు నా వ్యాసాన్ని నేనే ఒక ఉచిత ప్లేజరిజం సైట్లో చూసుకున్నా. తర్వాత కాలేజీ సాఫ్ట్‌వేర్‌లో పెడితే దాదాపు మొత్తం ఎక్కడినుంచో ఎత్తేసినట్టు వచ్చింది. నేను రాసిందే! ఇలా జరుగుతుందా, నా ఖర్మేనా?

జిప్పు_విప్పు
జరుగుతుంది. ఆ ఉచిత సైట్ మీ వ్యాసాన్ని ఎక్కడైనా బహిరంగ పేజీగా పెట్టినా, నమూనా వ్యాసాలు అమ్మేవాళ్లకు ఇచ్చినా, కాలేజీ సాఫ్ట్‌వేర్ దాన్ని వెబ్ మూలంగా పట్టుకుంటుంది. రిపోర్టులో మ్యాచ్ అయిన మూలం మీద నొక్కి చూడండి. వెబ్ చిరునామా వస్తే ఆ పేజీ ఎప్పటిదో చూసి, మీ ఫైలు వెర్షన్ చరిత్ర పక్కన పెట్టి చూపించండి. "విద్యార్థి పేపర్" అని వస్తే సంగతి వేరు. అదే సాఫ్ట్‌వేర్ నిల్వలో మీ పాత సమర్పణ ఉందన్నమాట, డ్రాఫ్ట్ పెట్టినప్పుడు నిల్వ చేయొద్దనే ఆప్షన్ ఎంచుకోక అలా అవుతుంది.

సగంమార్కులు
వెబ్ చిరునామానే. తెరిస్తే "పూర్తి వ్యాసం కోసం చెల్లించండి" అంటోంది. నా వ్యాసం నేనే కొనుక్కోవాలి.

కొసరు
కొనేముందు రివ్యూలు చూసుకోండి.

అడ్మిన్_నీడ
చిత్తుప్రతి గారి రెండో ప్రశ్నకి వస్తా. సైట్ ఏం చెప్తోందో చదవడం ఒకటి, ఏం చేస్తోందో చూడడం ఇంకోటి. దీనికి అసలు వ్యాసం వాడకండి. 300 పదాల్లో ఏదో ఒకటి కల్పించి రాయండి. అందులో ఎక్కడా దొరకని ఒక పిచ్చి వాక్యం పెట్టండి, "ఏడు నీలి గొడుగులు గణితం నేర్చుకున్నాయి" లాంటిది. కొత్త బ్రౌజర్ ప్రొఫైల్ తెరిచి, F12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఉండి ఆ టెక్స్ట్ పేస్ట్ చేయండి.

బటన్ నొక్కకముందే ఆగి చూడండి. అప్పటికే టెక్స్ట్ బయటికి వెళ్తుంటే, "పొరపాటున పేస్ట్ చేశా, వెంటనే తీసేశా" అన్న మాటకి విలువ లేదు. తర్వాత బటన్ నొక్కి, డేటా పంపే POST రిక్వెస్టులు ఏ డొమైన్లకు పోతున్నాయో రాసుకోండి. ఆ సైట్ పేరు ఒక్కటే ఉంటే సరే. ప్రకటనలవాళ్లు, సెషన్ రీప్లేవాళ్లు కనపడితే నేనైతే అక్కడితో ఆపేస్తా.

చిత్తుప్రతి
సెషన్ రీప్లే అంటే?

అడ్మిన్_నీడ
మీరు పేజీలో ఎక్కడ నొక్కారు, ఎంత కిందకి జరిపారు, ఏం కనిపించింది అన్నది వీడియోలా మళ్లీ ఆడించి చూసుకునే స్క్రిప్ట్. సైట్ యజమాని డిజైన్ మెరుగుపరచుకోడానికి పెట్టుకుంటాడు. ఇలాంటివాటిలో చాలావాటికి టైప్ చేసే పెట్టెల్లోని రాతను చుక్కలుగా మార్చే ఏర్పాటు ఉంటుంది. మరి డిటెక్టర్ ఏం చేస్తుంది? వ్యాసాన్ని పెట్టెలోంచి తీసి, వాక్యాలకు పసుపు రంగు పూసి, మామూలు పేజీ రాతగా మళ్లీ చూపిస్తుంది. అది పెట్టె కాదు కాబట్టి ఆ చుక్కలు దానికి పడకపోవచ్చు. వ్యాసమంతా మూడో కంపెనీ రికార్డింగులోకి పోతుంది. సైట్ యజమానికే ఆ సంగతి తెలిసుండకపోవచ్చు, "మేం దాచుకోం" అని నిజాయితీగానే రాసుంటాడు.

పచ్చజెండా
ఇది నాకు తెలియదు. "దాచుకోం" అన్నమాటను నేను మొత్తానికి వర్తించుకున్నా.

అడ్మిన్_నీడ
ఇంకో పరీక్ష మిగిలింది. ఫలితం వచ్చాక అడ్రస్ బార్‌లో చిరునామా మారిందా చూడండి. చివర పొడవాటి కోడ్ ఏదైనా వస్తే దాన్ని కాపీ చేసి, లాగిన్ లేకుండా ప్రైవేట్ విండోలో పెట్టండి. వ్యాసం కనపడితే, ఆ లింకు ఎవరి చేతిలో పడ్డా చదవగలరన్నమాట. తర్వాత మీ ఖాతాలో డిలీట్ నొక్కి అదే లింకు మళ్లీ తెరవండి. మరుసటి రోజు కూడా తెరవండి. లింకు ఉన్నవాళ్లకే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2025లో చాట్‌జీపీటీలో జనం షేర్ చేసిన సంభాషణలు గూగుల్ వెతుకులాటలో తేలాయి, ఆ ఆప్షన్నే తీసేయాల్సొచ్చింది.

ఈ పరీక్ష హద్దు కూడా చెప్పాలి. మీకు కనపడేది బ్రౌజర్ నుంచి వాళ్ల సర్వర్ దాకానే. సర్వర్ వెనక నుంచి ఇంకో కంపెనీ మోడల్‌కి పంపితే నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏమీ రాదు. పరీక్షలో తప్పితే వదిలేయండి. నెగ్గిందని మాత్రం మంచిదనుకోవద్దు.

నిబంధన_బి
సరిగ్గా అక్కడే కాగితం పని మొదలవుతుంది. వెనక ఏముందో ఒప్పందమే చెప్పాలి. పది పేజీల ప్రశ్నావళి పంపితే ఉచిత సైట్ ఏదీ జవాబివ్వదు, కాబట్టి నేను మూడే అడుగుతా.

మా టెక్స్ట్ మీ దగ్గర నుంచి ఇంకెవరికి వెళ్తుంది, పేర్లతో జాబితా ఇవ్వండి. ఎన్ని రోజులుంటుంది, బ్యాకప్‌లో ఎన్ని రోజులు? మీ మోడల్‌కి శిక్షణ ఇవ్వడానికి వాడతారా, అవునో కాదో ఒక్క మాటలో.

మూడోదానికి "సేవలను మెరుగుపరచడానికి వాడొచ్చు" అని వస్తే దాన్ని అవుననే చదువుకోండి. శిక్షణలోకి వెళ్లాక ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన మోడల్‌లోంచి వెనక్కి రాదు. "పేర్లు తీసేసి వాడతాం" అన్నా, రెండోచూపు గారు చెప్పిన వినికిడి యంత్రం ఉదాహరణ దగ్గరే ఆగిపోతాం. పేర్లు పోతాయి, ఆ అమ్మాయి పోదు.

జీడీపీఆర్ ఉన్నచోట ఆర్టికల్ 28 ప్రకారం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి: సంస్థ చెప్పినట్టే వాడాలి, అనుమతి లేకుండా ఇంకొకరికి అప్పగించకూడదు, పని అయ్యాక చెరిపేయాలి లేదా తిరిగివ్వాలి. ఆ చట్టం లేనిచోట కూడా ఈ మూడు మాటలు అరువు తెచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు.

రెండోచూపు
ఒకటి జోడిస్తా. జవాబు ఏ ప్లాన్‌కి వర్తిస్తుందో అడగండి. "డేటా దాచం" అన్నది డబ్బు కట్టే సంస్థలకే రాసి, ఉచిత ఖాతాకి వేరే నిబంధన పెట్టడం మామూలే. అమ్మకాలవాళ్లు మొదటి పేజీ చూపిస్తారు, మన లెక్చరర్ వాడేది రెండోది.

ఎర్రపెన్ను
నేను మొదట దారి తప్పిన మాట నిజమే గానీ, రెండూ ఒకచోట కలుస్తాయి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో టర్నిటిన్ ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది. తప్పుడు ఆరోపణలే ముఖ్య కారణం, 2022లో పెట్టిన 75,000 పేపర్లలో ఒక్క శాతం తప్పినా 750 అవుతాయని లెక్క చెప్పారు. దాంతోపాటు, ఏ విధానాలున్నాయో తెలియని వేరే కంపెనీల డిటెక్టర్లలో విద్యార్థుల డేటా పెట్టడం గోప్యత సమస్యేనని కూడా రాశారు. ఫలితం మీద చర్య తీసుకోలేనప్పుడు డేటా ఎందుకు పంపాలి? అవసరం లేని డేటా పంపకపోవడమే గోప్యతలో మొదటి మెట్టు కదా.

చిత్తుప్రతి
ఇది నియమంలో మొదటి వాక్యంగా పెడతా, థాంక్స్. ఇప్పుడు అసలు తలనొప్పి. పెట్టేసిన ఆ 38 ఫైళ్లు. ఖాతా డిలీట్ చేసేయమని ఆ లెక్చరర్‌కి చెప్పనా?

అడ్మిన్_నీడ
వద్దు! ఖాతా ముందు తీసేస్తే ఫైళ్లు పోతాయన్న హామీ లేదు. వాటిని చెరిపే బటన్ మాత్రం ఖచ్చితంగా పోతుంది. ముందు హిస్టరీ పేజీ స్క్రీన్‌షాట్లు తీయండి. ఏ ఫైలు, ఏ తేదీ, పేస్టా అప్‌లోడా, షేర్ లింకు ఉందా, నాలుగు కాలమ్‌ల పట్టిక చాలు. తర్వాత లింకులు ఆపి, ఫైళ్లు ఒక్కొక్కటిగా చెరిపి, అవే లింకులు ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. ఆపై సైట్ వాళ్ల ప్రైవసీ ఈమెయిల్‌కి ఆ పట్టికతో సహా రాసి, బ్యాకప్‌తో కలిపి ఎప్పటికి పోతాయో తేదీ అడగండి. పట్టికలో విద్యార్థుల పేర్లు పెట్టకండి, వాళ్ల వ్యవస్థలో కనిపించే ఐడీ చాలు. లేకపోతే చెరిపించడానికి పోయి ఇంకోసారి ఇచ్చినట్టవుతుంది. ఖాతా మూయడం అన్నిటికన్నా చివర.

నిబంధన_బి
దానికి సమాంతరంగా మీ సంస్థలో డేటా రక్షణ బాధ్యత ఎవరిదో వాళ్లకు ఈరోజే చెప్పండి. జీడీపీఆర్ కింద ఇది ఉల్లంఘన అని తేలి, మనుషులకు ముప్పు ఉంటే, తెలిసిన దగ్గర నుంచి 72 గంటల్లో నియంత్రణ సంస్థకు చెప్పాలి. గడియారం తిరుగుతుంటుంది.

జిప్పు_విప్పు
ఉల్లంఘన అని నేను అనుకోను. హ్యాక్ కాలేదు, సొంత ఉద్యోగి తెలిసి పెట్టాడు. విధాన లోపం అనొచ్చు.

నిబంధన_బి
అనధికారంగా బయటపెట్టడం కూడా నిర్వచనంలో ఉంది, హ్యాకరే రావక్కర్లేదు. ఆయనకి ఆ అధికారం ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ సంగతి తేల్చాల్సింది నేనూ కాదు మీరూ కాదు, ఆ లెక్చరర్ అసలే కాదు.

జిప్పు_విప్పు
సరే, నేను నా మాట మీదే ఉన్నా. ముప్పు ఎంతో తెలియాలంటే మాత్రం ఆ ఫైళ్లలో ఏముందో ముందు చూడాలి. 38 ఒక్కొక్కటీ విప్పక్కర్లేదు. అసలు ఫైళ్లు ఉన్న ఫోల్డర్లో లినక్స్ లేదా మ్యాక్ టెర్మినల్ తెరిచి ఇది నడపండి, కొట్టేసిన ముక్కలు ఏ ఫైల్లో ఎన్ని ఉన్నాయో వస్తుంది:

```
for f in *.docx; do
  n=$(unzip -p "$f" word/document.xml | grep -o '<w:delText' | wc -l)
  echo "$n  $f"
done
```

ఫొటోలకి `unzip -l "ఫైలు పేరు"` కొట్టి `word/media` వరుసలు చూడండి. `word/comments.xml` ఉంటే అదీ తెరవండి, గైడ్ రాసిన వ్యాఖ్యలు అందులో ఉంటాయి.

సగంమార్కులు
విద్యార్థులకు చెప్తారా మరి? ఆ 38 మందిలో నేనుంటే నాకు తెలియాలనే అనుకుంటా. వెబ్‌లో తేలాక తెలుసుకోవడం కన్నా నయం.

రెండోచూపు
చెప్పాలి. ఫొటోలో ముఖాలున్న పిల్లల ఇళ్లకు కూడా చెప్పాలా అన్నదే తెగట్లేదు నాకు.

చిత్తుప్రతి
నడిపాను. 38లో 11 ఫైళ్లలో కొట్టేసిన రాత ఉంది. నాలుగింట్లో కామెంట్లు. ఆరింట్లో ఫొటోలు, వాటిలో రెండింట్లో క్రాప్ వెనక తరగతి మొత్తం కనిపిస్తోంది, బోర్డు మీద బడి పేరుతో సహా. లెక్చరర్ పక్కనే కూర్చోబెట్టుకుని లింకులు చూశాం. ఆ రెండింట్లో ఒకదాని లింకు ప్రైవేట్ విండోలో తెరుచుకుంటోంది. డేటా రక్షణ ఆవిడకి ఫోన్ చేశా, వస్తున్నారు. ఆవిడ వచ్చేదాకా ఆగనా, ఆ ఒక్క లింకు ఇప్పుడే తీసేయనా?

అడ్మిన్_నీడ
చిరునామా, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, లింకు ఇప్పుడే ఆపేయండి. ఫైలు మాత్రం ఆవిడ చూశాక చెరపండి.